అమ్మ బీపీ 138/84: ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారు, ముగ్గురూ గైడ్‌లైన్ ప్రకారమేనట!

రాధిక_వి
అమ్మకు 66 ఏళ్లు. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు, కిడ్నీ పరీక్షలు బాగున్నాయి. మామూలు చెకప్‌లో బీపీ 138/84 వచ్చింది. చూసిన డాక్టరు గారు మాత్ర మొదలుపెడదాం అన్నారు. ఇంకొకరికి చూపిస్తే ఆవిడ "దీన్ని బీపీ అనరు, ఇంట్లో కొలిచి రాసుకురండి" అన్నారు. మూడో ఆయన మూడు నెలలు ఉప్పు తగ్గించి, రోజూ నడిచి, అప్పుడు రమ్మన్నారు. ముగ్గురూ గైడ్‌లైన్ ప్రకారమే చెప్తున్నాం అన్నారు. ఒకే మనిషి, ఒకే నంబరు. గైడ్‌లైన్లు రాసేవాళ్లు అందరూ చదివేది అవే పరిశోధనలు కదా? మరి ఒకరికి జబ్బు అయినది ఇంకొకరికి ఎందుకు కాదు? అమ్మేమో "ఏదో ఒకటి తేల్చండర్రా" అని కూర్చుంది.

నిజంచెప్పు
తేలికైన జవాబు. గీత 140 నుంచి 130కి దింపితే రాత్రికి రాత్రి కోట్లమంది రోగులవుతారు. మాత్రలు ఎవరు అమ్ముతారో ఆలోచించండి.

కొండలరావు_కె
మా నాన్నగారికీ ఇంతే అయింది, కాకపోతే షుగర్ విషయంలో. ఒకరు మూడు నెలల సగటు 7 లోపు ఉండాలన్నారు, ఇంకొకరు 8 వరకు పర్లేదన్నారు. అందుకని అమ్మగారి షుగర్ టార్గెట్ ముందు తేల్చుకోండి.

రాధిక_వి
కొండలరావు గారూ, అమ్మకు షుగర్ లేదండీ, పైన రాశాను. మా గొడవ బీపీ గురించి.

కొండలరావు_కె
సరిగా చూడలేదమ్మా. కానీ తేడా మటుకు అలాంటిదే. అక్కడ కూడా రెండు పెద్ద సంఘాలు రెండు అంకెలు పెట్టాయి.

పాత_స్టెతస్కోపు
ముప్పై ఏళ్లు జనరల్ మెడిసిన్‌లో పనిచేసి రిటైరయ్యాను. రాధిక గారూ, ఆ ముగ్గురిలో ఎవరూ మీకు అబద్ధం చెప్పలేదు. ఎవరు ఏ పుస్తకం పట్టుకున్నారో చెప్పగలను.

మొదటి ఆయనది అమెరికా గుండె వైద్యుల సంఘాల దారి. 2017లో వాళ్లు బీపీ జబ్బు గీతను 140/90 నుంచి 130/80కి దించారు. కానీ 130 దాటిన ప్రతివాడికీ మాత్ర ఇమ్మనలేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. 130 నుంచి 139 మధ్య ఉన్నవాళ్లలో ఇప్పటికే గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకు, రాబోయే పదేళ్లలో అవి వచ్చే రిస్క్ 10% దాటినవాళ్లకు మాత్రమే వెంటనే మందు అన్నారు. 65 దాటిన, లేచి తిరుగుతున్న పెద్దవాళ్లకైతే రిస్క్ లెక్క చూడకుండానే పై నంబరు 130 దాటితే మందు ఇవ్వమన్నారు. మీ అమ్మగారు వయసు లెక్కనే అందులో పడిపోతారు.

రెండో ఆవిడది బ్రిటన్‌లో చికిత్స గైడ్‌లైన్లు రాసే నైస్ అనే సంస్థ దారి. వాళ్లు 2019లో కూడా 140/90 దగ్గరే ఆగారు. క్లినిక్ నంబరు ఎక్కువుంటే దాన్ని నమ్మకుండా 24 గంటల మిషనుతోనో, ఇంట్లో కొలిచో ఖాయం చేసుకోమంటారు. ఇంటి సగటుకు వాళ్ల గీత 135/85.

మూడో ఆయనది యూరప్ కార్డియాలజీ సొసైటీ 2024 దారి. జబ్బు గీత 140/90 దగ్గరే ఉంచి, 120-139 మధ్యకు "పెరిగిన బీపీ" అని కొత్త గది కట్టారు. ఆ గదిలో ఉండి రిస్క్ ఎక్కువున్నవాళ్లకు మూడు నెలలు జీవనశైలి మార్చి చూడమని, అప్పటికీ 130/80 దిగకపోతే మాత్ర ఇవ్వమని చెప్పారు.

మౌని
అంటే అమ్మగారు అమెరికాలో రోగి, బ్రిటన్‌లో ఆరోగ్యవంతురాలు, యూరప్‌లో వెయిటింగ్ లిస్టు.

లెక్కలమాస్టారు
మౌని గారూ, నవ్వొచ్చినా అదే నిజం. అయితే నిజంచెప్పు గారి మాటను అలా వదిలేయలేను. 130 వైపు తూకం మొగ్గడానికి అసలు కారణం, పై నంబరును 120 లోపు తెస్తే మేలుందా అని చూసిన స్ప్రింట్ అనే ట్రయల్, 2015లో ఫలితాలు వచ్చాయి. దానికి డబ్బు పెట్టింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, మందుల కంపెనీ కాదు.

నిజంచెప్పు
ప్రభుత్వం పెట్టినంత మాత్రాన గైడ్‌లైన్ కమిటీలో అందరికీ ఏ సంబంధాలూ లేనట్టేనా?

పాత_స్టెతస్కోపు
ఆ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. 2017 అమెరికా గైడ్‌లైన్‌ను అక్కడి ఫ్యామిలీ డాక్టర్ల సంఘమే ఆమోదించలేదు. వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి, ఆ కమిటీని నడిపిన ఆయనే స్ప్రింట్‌లోనూ ముఖ్య పాత్రలో ఉన్నారని. ఇది డబ్బు సంబంధం కాదు. తను చేసిన పరిశోధన మీద తనకుండే నమ్మకం కూడా తీర్పును ఒక పక్కకు వంచగలదని వాళ్ల వాదన. కానీ కంపెనీలే గీత గీశాయంటే మాత్రం నేను ఒప్పుకోను. మిగతా కారణాలు అంతకన్నా పెద్దవి.

శ్రీలత_నర్సు
నేను చూసినంతలో అన్నిటికన్నా పెద్ద కారణం కొలత. స్ప్రింట్‌లో బీపీ ఎలా కొలిచారో చాలామందికి తెలీదు. మనిషిని కుర్చీలో వీపు ఆన్చి, కాళ్లు కింద పెట్టించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. తర్వాత ఆటోమేటిక్ మిషను దానంతట అదే మూడుసార్లు కొలిచి సగటు ఇస్తుంది. చాలాచోట్ల ఆ సమయంలో గదిలో ఇంకెవరూ లేరు.

ఇప్పుడు మామూలు ఓపీ గుర్తు తెచ్చుకోండి. మెట్లెక్కి వచ్చిన మనిషి, పక్కన ఇంకో పేషెంటు, చొక్కా చేతి మీదే కఫ్ చుట్టి, "ఎలా ఉన్నారు" అని మాట్లాడిస్తూ ఒక్కసారి కొలుస్తాం. చేయి గాల్లో వేలాడుతూ ఉంటుంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే నంబరు ఇంకా ఎక్కుతుంది. మూత్రం ఆపుకుని కూర్చున్నా ఎక్కుతుంది. అందుకని స్ప్రింట్ 120, ఓపీలో 120 ఒకటి కావు. అదే మనిషికి ఓపీలో అంతకన్నా ఎక్కువ చూపించొచ్చు. ట్రయల్ నంబరును ఎత్తుకొచ్చి ఇలా కొలిచిన నంబరు మీద పెడితే, అక్కర్లేని మాత్ర ఒకటి అదనంగా పడుతుంది.

పాత_స్టెతస్కోపు
శ్రీలత గారు అసలు చోట వేలు పెట్టారు. బ్రిటన్ వాళ్లు స్ప్రింట్ టార్గెట్‌ను తెచ్చిపెట్టుకోకపోవడానికి ఇదొక పెద్ద కారణం. తమ క్లినిక్కుల్లో అలా కొలవరు కాబట్టి ఆ నంబరును నేరుగా వాడలేమన్నారు. కిడ్నీ జబ్బుల గైడ్‌లైన్ రాసేవాళ్లు 2021లో పై నంబరు 120 లోపు అన్నారు కానీ, పద్ధతిగా కొలిస్తేనే అని షరతు పెట్టారు. షరతు వదిలేసి 120 మాత్రం గుర్తుపెట్టుకుంటేనే ప్రమాదం.

రాధిక_వి
స్ప్రింట్‌లో అసలేం తేలింది? అంత గట్టిగా తేలితే అందరూ ఒప్పుకోవాలిగా.

లెక్కలమాస్టారు
9361 మంది, అందరూ 50 దాటినవాళ్లు, గుండె రిస్క్ ఎక్కువున్నవాళ్లు. షుగర్ ఉన్నవాళ్లనీ, పక్షవాతం వచ్చినవాళ్లనీ చేర్చుకోలేదు. సగంమందికి పై నంబరు 120 లోపు తేవాలని, సగంమందికి 140 లోపు ఉంచాలని పెట్టుకున్నారు. మూడేళ్లు కాస్త దాటాక, మేలు స్పష్టంగా కనిపించిందని ముందే ఆపేశారు.

వెయ్యిమంది చొప్పున చెప్తాను. 140 గుంపులో సుమారు 68 మందికి గుండెపోటు, పక్షవాతం, గుండె విఫలం లాంటివి వచ్చాయి, లేదా గుండె జబ్బుతో చనిపోయారు. 120 గుంపులో అది 52. అంటే 16 మంది తప్పించుకున్నారు. మొత్తం మరణాలు కూడా తగ్గాయి. ఇంకో పక్క, చికిత్స వల్లేనని, లేదా దాని వల్ల కావచ్చని తేల్చిన తీవ్రమైన ఇబ్బందులు 140 గుంపులో వెయ్యికి 25, 120 గుంపులో 47. బీపీ మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి. అంటే 22 మంది ఎక్కువ.

ఇప్పుడు ఈ 16నీ ఆ 22నీ తూకం వేయండి. ఒకాయన "పక్షవాతం జీవితాంతం ఉంటుంది, కిడ్నీ అంకెలు చాలామందికి మళ్లీ సర్దుకుంటాయి" అని 16 వైపు మొగ్గుతాడు. ఇంకొకావిడ "నా క్లినిక్‌లో తూలి పడి తుంటి విరిగినవాళ్లను చూశాను" అని వెనక్కి లాగుతుంది. అంకెలు ఇద్దరికీ ఒకటే. అందరూ అవే పరిశోధనలు చదివి వేరే గీతలు గీయడం ఇలాగే జరుగుతుంది.

మౌని
స్ప్రింట్‌లో గాయమయ్యేలా పడిపోవడం పెరగలేదని చదివినట్టు గుర్తు.

లెక్కలమాస్టారు
మీ గుర్తు సరైనదే. స్పృహ తప్పడం పెరిగింది, దెబ్బ తగిలేలా పడిపోవడంలో రెండు గుంపులకూ తేడా రాలేదు. అయితే ట్రయల్‌లో చేరినవాళ్లు వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లు కాదు. లేచి నిలబడితే పై నంబరు 110 లోపుకు వచ్చేవాళ్లను ముందే పక్కన పెట్టారు.

నిజంచెప్పు
మరి షుగర్ ఉన్నవాళ్ల మీద ఇలాంటిదే చేస్తే లాభం లేదని తేలిందిగా? దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

పాత_స్టెతస్కోపు
అది అకార్డ్ అనే ట్రయల్, 2010. షుగర్ ఉన్న 4733 మందిలో ఇవే రెండు టార్గెట్లు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు అన్నీ కలిపిన అసలు లెక్కలో తేడా నిలబడలేదన్నది నిజం. కానీ పక్షవాతం ఒక్కటే చూస్తే తగ్గింది. మీరు సగం చెప్పారు, మిగతా సగం ఇది. రెండు ట్రయళ్లు రెండు వైపులా లాగినప్పుడు ఒక కమిటీ కొత్తదానికి బరువిస్తుంది, ఇంకో కమిటీ రెండూ కలిపి మధ్యలో ఆగుతుంది. వాళ్లు కూర్చున్న సంవత్సరాన్ని బట్టి చేతిలో ఉన్న కాగితాలు కూడా మారతాయి. 2014లో రాసిన అమెరికా నిపుణుల నివేదిక 60 దాటినవాళ్లకు 150 వరకు ఆగొచ్చంది. అప్పటికి స్ప్రింట్ లేదు మరి.

కొండలరావు_కె
మా నాన్నగారికి 84. షుగర్‌తో పాటు బీపీ మాత్రలు కూడా వాడేవారు. కొత్త డాక్టరు 130 లోపు రావాలని ఇంకో మాత్ర కలిపారు. పొద్దున మంచం దిగితే కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకునేవారు. పాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి కొలిచారు. పడుకున్నప్పుడు 134, నిలబడగానే 108. ఆ మాత్ర తీసేశారు, ఇప్పుడు 140 పైచిలుకు ఉంటోంది, కానీ మనిషి నిలకడగా నడుస్తున్నారు. టార్గెట్ అంటే అందరికీ ఒకటే ఎలా అవుతుందండీ?

పాత_స్టెతస్కోపు
ఇది మాత్రం దాదాపు అందరూ ఒప్పుకునేది. బ్రిటన్ వాళ్లు 80 దాటితే క్లినిక్ టార్గెట్ 150/90 లోపు అంటారు. యూరప్ వాళ్లు 85 దాటినవాళ్లకూ, బలహీనపడినవాళ్లకూ, నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకూ 140 దాటాకే మాత్ర గురించి ఆలోచించమన్నారు. ఆ కొత్త డాక్టరు గారు నంబరు చూశారు, నిలబెట్టి చూడలేదు.

రాధిక_వి
శ్రీలత గారు చెప్పింది చదివాక ఇంట్లో మిషను తెచ్చి కొలవడం మొదలుపెట్టాం. వారం పాటు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొదటి రోజు 151/90 వచ్చింది, అమ్మ కంగారుపడిపోయింది. తర్వాత రోజుల్లో 131, 134, 132, 136 అలా. ఇప్పుడేం చేయాలి?

శ్రీలత_నర్సు
మొదటి రోజువి తీసేయండి. అది మీ ఇష్టం కోసం చెప్పట్లేదు, పద్ధతే అది. కొత్త మిషను, కొత్త కంగారు. మిగతావాటి సగటు తీయండి. కఫ్ సైజు అమ్మగారి చేతికి సరిపోయిందో లేదో చూశారా?

రాధిక_వి
చూశాం, సరిపోయింది. సగటు 133/80. డాక్టరు గారు కంప్యూటర్‌లో లెక్కకట్టి పదేళ్ల రిస్క్ 11% అని చెప్పారు.

లెక్కలమాస్టారు
అయితే అమ్మగారిని మూడు పుస్తకాల గుండా నడిపిద్దాం. బ్రిటన్ గీత ఇంట్లో 135/85, అమ్మగారిది 133/80. వాళ్ల లెక్కలో జబ్బు లేదు, మాత్ర లేదు, మళ్లీ కొన్నాళ్లకు చూసుకోండి అంటారు. అమెరికా లెక్కలో జబ్బు ఉంది, మాత్ర అంటారు. యూరప్ లెక్కలో పెరిగిన బీపీ, రిస్క్ 10% దాటింది కాబట్టి మూడు నెలలు ప్రయత్నించి అప్పటికీ 130 దిగకపోతే మాత్ర.

ఇప్పుడు మాత్ర వేసుకుంటే అమ్మగారికి ఒరిగేదెంతో చూద్దాం. 2021లో చాలా ట్రయళ్లు కలిపి లెక్కేస్తే, పై నంబరు 5 పాయింట్లు తగ్గినప్పుడు గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు పదో వంతు తగ్గాయి. మొదలుపెట్టిన బీపీ ఎంతైనా ఆ వంతు ఇంచుమించు అంతే. 11లో పదో వంతు ఒకటి. అంటే అమ్మగారిలాంటి వందమంది పదేళ్లు మాత్ర వేసుకుని 5 పాయింట్లు తగ్గించుకుంటే, సుమారు ఒకరు తప్పించుకుంటారు. 10 పాయింట్లు తగ్గితే ఇద్దరు. అదే రిస్క్ 30% ఉన్న మనిషైతే ఆ 5 పాయింట్లతోనే ముగ్గురు, 10తో ఆరుగురికి దగ్గరగా. వందలో ఒకరు చాలా? చాలనేవాళ్లు 130 దగ్గర గీత గీస్తారు.

మౌని
మరి ఆ 11% ఎంత గట్టి నంబరు? నేను రెండు కాలిక్యులేటర్లలో నా వివరాలు వేస్తే రెండు వేరే అంకెలు వచ్చాయి.

పాత_స్టెతస్కోపు
గట్టిదేం కాదు, అంచనా. ఏ జనం మీద తయారు చేశారో, ఏయే జబ్బులను లెక్కలోకి తీసుకున్నారో దాన్ని బట్టి మారుతుంది. అమెరికావాళ్లే 2025లో కొత్త కాలిక్యులేటర్‌కు మారారు. అది పాతదానికన్నా తక్కువ రిస్క్ చూపిస్తుంది. అందుకే గీతను 10% నుంచి 7.5%కి జరిపారు. పైగా రిస్క్ తక్కువున్నా, మూడు నుంచి ఆరు నెలలు జీవనశైలి మార్చినా 130 దిగకపోతే మాత్ర అని కలిపారు. ఒక దేశం గీతను ఇంకో దేశం కాలిక్యులేటర్‌తో కలిపి వాడితే తప్పు జవాబు వస్తుంది. రాధిక గారూ, మీ డాక్టరు గారు ఏది వాడారో ఒకసారి అడగండి. ఇంకో మాట, అన్ని కాలిక్యులేటర్లలోనూ వయసుదే పెద్ద బరువు. 66 ఏళ్లకు 11% వచ్చిందంటే అందులో చాలా భాగం వయసుదే.

నిజంచెప్పు
ఈ మాట నాకు నచ్చింది. వయసుకు మాత్ర ఇస్తున్నారన్నమాట.

లెక్కలమాస్టారు
మందు తగ్గించేది బీపీనే. రిస్క్ వయసు వల్ల వచ్చినా బీపీ వల్ల వచ్చినా, బీపీ తగ్గితే అందులో వంతు తగ్గుతుంది. మీతో ఒప్పుకోలేను.

నిజంచెప్పు
నేను కూడా ఒప్పుకోను. వందలో ఒకరి కోసం మిగతా తొంభైతొమ్మిదిమంది పదేళ్లు మాత్ర మింగడం నాకు ఎక్కువే.

శ్రీలత_నర్సు
పక్షవాతం వార్డులో పనిచేశాను. నాకైతే ఆ ఒక్కరు చిన్న సంఖ్య కాదు. కానీ ఇది మీరో నేనో తేల్చేది కాదు, మింగాల్సింది అమ్మగారు.

రాధిక_వి
అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. వాళ్లమ్మకు పక్షవాతం వచ్చి మంచాన ఉన్న రోజులు తనకు గుర్తే. "నాకు మాత్రంటే భయం లేదు, మంచం అంటే భయం" అంది. కానీ ముందు మూడు నెలలు ఉప్పు, నడక ప్రయత్నిస్తానంటోంది. అలా ఆగితే ప్రమాదమా?

పాత_స్టెతస్కోపు
133/80 దగ్గర మూడు నెలలు ఆగితే నష్టమేమీ లేదు. 160, 170 ఉంటే అలా ఆగమని ఎవరూ చెప్పరు, ఏ పుస్తకం తీసినా మందే. గైడ్‌లైన్లు కొట్టుకునేది ఈ 130-139 ఇరుకు గదిలోనే. మేలు చిన్నగా ఉంది కాబట్టే అభిప్రాయాలు చీలాయి. ఆ గదిలో ఉన్నప్పుడు మీ అమ్మగారి మాటకు డాక్టరు గారి పుస్తకమంత బరువు ఉంది. ఈసారి వెళ్లినప్పుడు "130 దిగకపోతే మాత్ర వేసుకోవడం నాకిష్టమే" అని ఆవిడే చెప్పాలి.

రాధిక_వి
అప్పటికీ దిగక మాత్ర మొదలుపెడితే టార్గెట్ ఎంత పెట్టుకోవాలి? 130 లోపా, 120 లోపా?

లెక్కలమాస్టారు
నన్నడిగితే 130 లోపు. ఇంటి మిషను మీద 125 వచ్చినా బాగానే ఉంటే సంతోషమే, దాని కోసం రెండో మాత్ర మాత్రం కలపను. స్ప్రింట్‌లో 120 గుంపువాళ్లకు సగటున మూడు మందులకు దగ్గర పడింది.

పాత_స్టెతస్కోపు
నేను కాస్త ముందుకు వెళ్తాను. తట్టుకోగలిగితే 120-129 అన్న యూరప్ మాటే నాకు సరిగ్గా అనిపిస్తుంది, అవసరమైతే తక్కువ డోసులో రెండు మందులైనా సరే. ఇక్కడ మాస్టారికీ నాకూ తేడా ఉంది, ఉండనివ్వండి. మందు మొదలైతే మాత్రం రెండు పనులు మరవకండి. ఏ రకం మాత్ర ఇచ్చారో బట్టి కొన్ని వారాలకు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడమని అడగండి. ప్రతిసారీ కూర్చోబెట్టి కొలిచాక, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కొలవమనండి. పై నంబరు 20 అంతకన్నా ఎక్కువ పడినా, నంబరు బాగున్నా కళ్లు తిరుగుతున్నా ఆగి డాక్టరుకు చెప్పండి.

కొండలరావు_కె
ఆ నిలబెట్టి కొలవడం ఇంట్లో మిషనుతో కూడా చేయొచ్చాండీ? నాన్నగారికి నేనే చూస్తుంటాను.

శ్రీలత_నర్సు
చేయొచ్చు. ముందు అయిదు నిమిషాలు పడుకోబెట్టి కొలవండి. తర్వాత నిలబెట్టి, కఫ్ ఉన్న చేతిని గుండె ఎత్తులో మీరే పట్టుకుని, ఒక నిమిషానికి ఒకసారి, మూడో నిమిషానికి ఒకసారి. వెనకాల కుర్చీ వేసి ఉంచండి, ఒంటరిగా నిలబెట్టొద్దు.